పోతా పోతా ఎవరి పేరు ముందు చెప్పాల?



ఈ నెలాఖరుతో మేమిద్దరం వెలుగోడు టీమ్ బాధ్యత వదిలేస్తున్నాం. మాలో ఒకరిది తాండా, ఒకరిది గూడెం. మూడేళ్లు కలిసి చేసినాం, అందుకే ఈ చివరి పోస్టు కూడా కలిసే రాస్తున్నాం. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

ఆదివారం మీటింగులో ఏడుగురి గురించీ పేరు పెట్టి చెప్పినాం. ఇక్కడ మాత్రం పేర్లు రాయడం లేదు. ఈ పోస్టు ఎక్కడెక్కడికి ఫార్వర్డు అవుతుందో మనకు తెలీదు, ఇందులో ఒక పాప విషయం కూడా ఉంది. మన టీమ్ వాళ్లకు ఎవరు ఎవరో చదవంగానే తెలిసిపోతుంది. మిగతా ఊర్ల టీమ్‌లకు పేర్లతో పని లేదు. మీ లీడర్ కూడా ఏదో ఒక రోజు దిగిపోతాడు కదా, ఆ రోజు ఏం మాట్లాడాలన్నదే ఇక్కడి సంగతి.

మొదట రాసిన కాగితం చించేసినాం. ఎందుకో చెప్తాం.

ఒక రాత్రి కూర్చుని ఏడుగురి మీద గుర్తుకొచ్చింది గుర్తుకొచ్చినట్టు రాసినాం. బాగా వచ్చిందనుకున్నాం. మర్నాడు ఒకరం పైకి చదువుతుంటే ఇంకొకరం విన్నాం. తాండా నుంచి వచ్చిన ముగ్గురికీ తలా ఒక కథ పడింది. ఒకాయన ఆఫీసులో ఎట్ల మాట్లాడినాడో, ఒకామె హాస్టల్ సీటు కోసం ఎట్ల తిరిగిందో, అంతా వివరంగా ఉంది. గూడెం నుంచి వచ్చిన ఇద్దరికి ఏం రాసినామో తెలుసా? ఒకరికి "నెమ్మదస్తుడు, మంచి మనసు". ఇంకొకరికి "అమాయకురాలు, కష్టజీవి".

అది విన్నాక ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. చెంచులను చూసి బయటివాళ్లు వాడే మాట అదే కదా, అమాయకులు అని. ఆఫీసరు అంటాడు, పేపర్లో రాస్తారు, మనకు కోపం వస్తుంది. మరి మూడేళ్లు పక్కన కూర్చుని పని చేసిన మనిషి గురించి మాకూ ఆ మాటే దొరికింది. మాలో ఒకరం గూడెం మనిషై ఉండీ దొరికింది. మనసులో భేదం ఉందని కాదు. తాండాల వాళ్లం ఎక్కువమందిమి, మాటకారులం. చేసిన పని వాళ్లే గ్రూపులో పెడతారు, ఫొటో పెడతారు, అది మాకు గుర్తుంటుంది. చెప్పుకోని మనిషి పని గుర్తుండదు. గుర్తు లేని చోట గుణాలు రాసి నింపుతాం. పక్షపాతం ఎక్కువగా ఇట్లనే వస్తుంది, ఒకరిని ఎక్కువ పొగడటంలో కాదు.

రెండోసారి జాగ్రత్తపడి అందరికీ సమానంగా తలా రెండు వాక్యాలు రాసినాం. అది ఇంకా అధ్వాన్నం. ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు పెట్టి చూసినాం, ఎక్కడా తేడా రాలేదు. "ఎప్పుడు పిలిచినా వస్తాడు", "బాధ్యతగా చేస్తుంది". పేరు మార్చినా వాక్యం నిలబడిందంటే అది ఎవరి గురించీ కాదన్నమాట. పెళ్లిలో లెక్కపెట్టి వడ్డించినట్టు లైన్లు లెక్కపెట్టి పంచితే విన్నవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

అప్పుడు రిజిస్టరు తీసినాం. మూడేళ్ల మీటింగు పుస్తకం, తిరిగిన ఊర్ల పుస్తకం, ఖర్చుల పుస్తకం. ఏడుగురికి ఏడు కాగితాలు పెట్టుకుని పుస్తకంలో ఎవరి పేరు ఎక్కడ వస్తే అక్కడి తేదీ, ఆ రోజు చేసిన పని ఆ కాగితం మీదికి ఎక్కించినాం. రెండు రాత్రులు పట్టింది. మా గుర్తులో ఉన్నదంతా పోయిన నాలుగు నెలలదే అని అప్పుడు తెలిసింది. మొదటి ఏడాది పని దాదాపు మర్చిపోయినాం. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా ఒకటే అడిగినాం: "నీ పని ఎవరి వల్ల సులువైంది?" ఎవరు బాగా చేసినారు అని అడగలేదు. అట్ల అడిగితే మార్కులు వేస్తారు. పని ఎవరి వల్ల సులువైందంటే మాత్రం మనిషి జరిగింది చెప్తాడు. మేం ఒక్కసారి కూడా అనుకోని పేరు నలుగురి నోట వచ్చింది.

ఏడుగురిని వరసగా నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరిని చెప్తే, ముందు ఎవరు చివర ఎవరు అన్న లెక్క వచ్చేస్తుంది. అందుకని ఒక ఫైలును పట్టుకున్నాం. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ఆ వరసలో చెప్పినాం.

రిజర్వాయరు అవతల, అడవి అంచు గూడెంలో పన్నెండేళ్ల పాప. మూడో తరగతిలో బడి మానేసింది. ఈ సంగతి మన దగ్గరికి తెచ్చింది గూడెం తమ్ముడు, మేం "నెమ్మదస్తుడు" అని రాసినామే, ఆయన. పుస్తకంలో చూస్తే ఆయన మూడేళ్లలో పోని గూడెం లేదు. పోయిన ప్రతిసారీ ఇంటింటికీ పిల్లల లెక్క రాసుకొచ్చినాడు. బడి రికార్డులో ఆ పాప పేరు ఉంది, హాజరు కూడా ఉంది. ఆయన మాత్రం "పొద్దున పది గంటలకు కట్టెలు మోస్తా కనిపించింది, బడికి పోలేదు" అని ఒక్క ముక్క రాసినాడు. రికార్డు చూసి మేం వదిలేసేవాళ్లం. ఆయన కళ్లతో చూసిందే రాస్తాడు, విన్నది రాయడు. దాన్నే మేం నెమ్మది అనుకున్నాం.

పాప అవ్వ దగ్గర పెరుగుతోంది. అవ్వతో మాట్లాడింది "అమాయకురాలు" అని రాయించుకున్న మన గూడెం అక్క. మేమైతే పోంగానే ఆధార్ ఉందా, రేషన్ కార్డు ఉందా అని మొదలుపెడతాం. ఆమె మొదటి రోజు ఒక్క కాగితం అడగలేదు. కూర్చుని చీపురుపుల్లలు ఏరింది, మాట్లాడింది, వచ్చేసింది. మాకు విసుగు పుట్టింది కూడా, ఒక ట్రిప్పు పెట్రోలు దండగ అని. రెండోసారి పోయినప్పుడు అవ్వే చెప్పింది: "ఇది పుట్టినప్పుడు ఇప్పపూలు రాలుతుండె. నేను పూలు ఏరను పోయి అప్పుడే వచ్చినా." ఆ ఒక్క మాట తర్వాత ఎంత పని చేసిందో చూడండి.

పాపది ఇంట్లో కాన్పు. పుట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. మన గూడేల్లో, తాండాల్లో ఎంతమంది జనవరి 1న పుట్టినారో మీకు తెలిసిందే. చేతిలో రుజువు లేకపోతే వయసు అడిగి సంవత్సరం వేసి, తేదీ అట్ల పెట్టేసినారు. పుట్టి ఏడాది దాటినాక జననం నమోదు చేయించాలంటే ఊరి స్థాయిలో కాదు. రికార్డులో లేదని ముందు ఒక కాగితం తీసుకుని, ప్రమాణపత్రం జతచేసి, ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాల. ఆ ప్రమాణపత్రం మేమిద్దరమే రాసినాం. ఆధార్ చూసి జనవరి 1 వేసినాం.

ఆ తప్పు పట్టింది రిజిస్టరు చెల్లి. కాగితం పోయే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఇప్పపూలు జనవరిలో రాలుతాయా?" అని అడిగింది. అంతే. ఇప్పపూలు రాలేది ఎండాకాలం మొదట్లో, మార్చి ఏప్రిల్‌లో. ఆ చెల్లి అంగన్‌వాడీ పాత పుస్తకం దాకా పోయి చూస్తే పాప పేరు పక్కన ఏప్రిల్ తేదీ ఉంది. మేం రాసింది అట్లనే పోయి ఉంటే, జనన పత్రంలో ఒక తేదీ, అంగన్‌వాడీలో ఒక తేదీ పడేవి. పదో తరగతి దాకా ఎవరూ అడగరు, ఆ తర్వాత ప్రతి సర్టిఫికెట్ దగ్గరా అడ్డం పడేది. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. తొందరపడి ముందే ఆధార్ మార్పిస్తే ఆ ఒక్క అవకాశం అయిపోతుంది. ముందు జనన నమోదు, ఆ పత్రం చేతికొచ్చినాక ఆధార్. ఈ వరస రాసిన కాగితం ఇప్పుడు మన పెట్టె మూత లోపలి వైపు అంటించి ఉంది. ఆమె అంటించిందే.

సీటు దగ్గర ఇంకో కష్టం. ఒక చోట పుట్టిన తేదీ రుజువు లేకుండా చేర్చుకోమన్నారు. వెనక్కి వచ్చేద్దామనుకున్నాం. క్యూలో నిలబడే అన్న రానివ్వలేదు. ఈ అన్నది ఎరుకల కుటుంబం, ఆఫీసుల బయట ఎక్కువ సేపు నిలబడి అలవాటైన మనిషి. జేబులో ఒక మడత కాగితం ఎప్పుడూ ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అందులో ఉంది: వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించకూడదు. బడి మానేసిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువు ప్రత్యేకంగా చెప్పాలని 4వ సెక్షన్. ఆయన గొంతు పెంచలేదు. ఆ కాగితం బల్ల మీద పెట్టి, "కూర్చుంటాం మేడం, మీరు చదువుకోండి" అన్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పాప ఆ రోజే చేరింది. జనన నమోదు, కుల సర్టిఫికెట్ తర్వాత విడిగా నడిచినాయి. ఇది ఆయన గెలిచిన కథ అని మేం ఏడాదిపాటు చెప్పుకుంటా వచ్చినాం. పుస్తకం చూసినాక అట్ల చెప్పడానికి నోరు రావడం లేదు.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాం. మన నల్లమల చెంచుల్లో కొండచరియ తేనె తీసే పద్ధతి పెద్దలను అడిగి చూడండి. ఒకరు తాడు పట్టుకుని కిందికి దిగుతారు, పొగ పెట్టి తేనెపట్టు కోస్తారు. పైన తాడు కాపలా బావమరిదిది. అక్కచెల్లెలి పసుపుకుంకుమలు పోగొట్టుకోడు కాబట్టి ఆయన చేతిలో తాడు భద్రం అని నమ్మకం. తేనె తెచ్చింది ఎవరని ఊరు అడిగితే దిగినవాడి పేరే చెప్తారు. పైన నిలబడిన మనిషికి మాత్రం చేతులు బొబ్బలెక్కి ఉంటాయి.

ఇంకొకటి మీ అందరికీ తెలిసిందే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది ఎవరు? మాలావత్ పూర్ణ అంటారు. నిజమే. పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎక్కింది, మన లంబాడీ బిడ్డ, ఆమె మీద సినిమా కూడా వచ్చింది. మన హాస్టల్ గదుల్లో ఆమె ఫొటో ఉంది, ఉండాల కూడా. అదే రోజు ఆమెతో పాటు శిఖరం చేరిన ఖమ్మం జిల్లా పిల్లోడు, గురుకులం విద్యార్థే, సాధనపల్లి ఆనంద్ కుమార్ పేరు మనలో ఎంతమందికి వస్తుంది? ఆ పేరును ఎవరూ కావాలని దాచలేదు. "అతి చిన్న వయసు" అన్న మాట ఒక్కరికే సరిపోతుంది, ఆ మాట పక్కన రెండో పేరు నిలబడదు. అందుకే మా మాటల్లోంచి "అందరికంటే", "ముఖ్యంగా", "నా కుడి భుజం" అన్నవి మూడూ తీసేసినాం. ఒకరిని కుడి భుజం అన్నప్పుడు మిగిలిన ఆరుగురూ ఏమైనట్టు?

ఫైలు దగ్గరికి వస్తాం. పాప చేరిన రోజు గేటు ముందు ఫొటో తీసి గ్రూపులో పెడదామనుకున్నాం. "వద్దు" అని అడ్డం నిలబడింది మన తాండా చెల్లి, మాతో ఎక్కువసార్లు గొడవపడిన మనిషి. పుస్తకం ప్రకారం మూడేళ్లలో మా నిర్ణయాలను పదకొండుసార్లు కాదంది. ఆ రోజు అన్నది: "బడి మానేసిన పిల్ల అని రేపు హాస్టల్లో తోటి పిల్లలు చూస్తే? మనకు లైకులు, దానికి పేరు." అప్పుడు మాకు కోపమొచ్చింది. ఇద్దరం ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు కూడా. ఆ పదకొండులో ఏడుసార్లు ఆమె చెప్పిందే సరైందని ఇప్పుడు లెక్క తేలింది. మిగతా నాలుగుసార్లు మేం కరెక్టు, అది కూడా ఆదివారం ఆమె ముందే చెప్పినాం, నవ్వింది. గొడవపడిన మనిషిని వీడ్కోలు రోజు "ముక్కుసూటి మనిషి" అని ఒక మాటతో దాటేస్తారు. అట్ల దాటేయకూడదనిపించింది. ఏ రోజు, ఏ విషయంలో కాదన్నదో చెప్తేనే అది మెప్పు అయితాది.

ఈ ఫైలులో చెయ్యి పడనివాళ్లు ఇద్దరున్నారు. కథ చెప్పడంలో చిక్కు ఇదే, కథలో లేనివాడు లేనట్టే అయిపోతాడు. అందుకే వాళ్ల సంగతి విడిగా.

ఒకరు ఖర్చుల పుస్తకం రాసే తమ్ముడు. నలుగురి నోట వచ్చిన పేరు ఈయనదే. కారణం చాలా చిన్నది. పెట్రోలుకు, జిరాక్సుకు ఎవరు చేతి డబ్బు పెట్టినా శనివారం లోపల తిరిగి ఇచ్చేసినాడు, ఒక్కరితో కూడా అడిగించుకోలేదు. ఇరవై రూపాయలైనా సరే. మనలో చాలామంది కూలికి పోయి చదువుకునేవాళ్లం. ఇరవై రూపాయలు అడగడానికి సిగ్గుపడి తర్వాతి ట్రిప్పుకు రాకుండా ఆగిపోతారు. పాత టీమ్‌లో అట్ల ఇద్దరు తగ్గిపోయినారని ఆ అక్కే చెప్పింది. ఈ మూడేళ్లలో ఒక్కరూ అట్ల ఆగలేదు. మేం లీడర్లమై ఉండీ దీన్ని పని అనుకోలేదు, జమాఖర్చు అనుకున్నాం.

ఇంకొకరు తాండా తమ్ముడు. ఈయన మీటింగులకు వచ్చింది తక్కువ. పోయిన ఏడాది నాలుగే వచ్చినాడు. ఈయన గురించి ఏం చెప్పాలన్నదే మాకు అన్నిటికంటే కష్టమైంది. లేని పని ఉన్నట్టు చెప్తే మిగతా ఆరుగురికి అన్యాయం, ఆయనకు కూడా అవమానం. వదిలేస్తే వేలెత్తి చూపినట్టు. పుస్తకంలో ఉన్నదే చెప్పినాం. ఇంట్లోవాళ్లతో కలిసి గుంటూరు వైపు మిరపకాయలు కోయను పోయినాడు. పోయిన చోట మన వైపు పిల్లలు ఇద్దరు కనపడితే అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పినాడు. ఆ ఇద్దరినీ మేం "ఊరు వదిలి పోయినారు, ఆచూకీ లేదు" అని కొట్టేసి ఉన్నాం. ఆ ఫోన్ వల్ల పేర్లు మళ్లీ రాసుకున్నాం, కోతలు అయినాక ఇద్దరూ బడికి వచ్చినారు. ఒక్క ఫోన్. అంతకు మించి చెప్పలేదు, తగ్గించీ చెప్పలేదు. మీటింగులకు ఎందుకు రాలేకపోయినాడో అందరి ముందూ చర్చ పెట్టలేదు, అది ఆయన ఇంటి సంగతి.

ఒక పని మాత్రం మీటింగుకు ముందే చేసినాం. ఒక్కొక్కరి గురించి ఏం చెప్పబోతున్నామో వాళ్లకు విడిగా చదివి వినిపించినాం. దానివల్ల మూడు మార్పులు వచ్చినాయి. గూడెం అక్క, అవ్వ మాట్లాడిన మాటలన్నీ చెప్పొద్దు, ఇప్పపూల మాట ఒక్కటి చాలంది. క్యూ అన్న ఆ బడి పేరు తీసేయమన్నాడు, "రేపు మళ్లీ అక్కడికే పోవాల మనం" అని. ఖర్చుల తమ్ముడు తన లెక్కలో ఒకసారి నలభై రూపాయలు తేడా వచ్చిందని, అదీ చెప్పమన్నాడు. చెప్పినాం.

కొత్త లీడర్ ఎవరు అని చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. మేం చెప్పం. దిగిపోయేవాళ్లు వీడ్కోలు మాటల్లో ఒకరిని కొంచెం ఎక్కువ ఎత్తితే అది ఓటు వేసినట్టే. వచ్చే ఆదివారం ఏడుగురే కూర్చుని తేల్చుకుంటారు, ఆ రోజు మేమిద్దరం రావడం లేదు. ఒక్క కోరిక మాత్రం పుస్తకంలో రాసి పెట్టినాం: ఇద్దరు లీడర్లు ఉంటే బాగుంటుంది, ఒకరు గూడెం నుంచి. ఎవరన్నది మీ ఇష్టం.

మా తప్పుల కాగితం కూడా పెట్టెలో ఉంది, జనవరి 1 సంగతి దాంట్లో మొదటిది. పెట్టె తాళంచెవి ఖర్చుల తమ్ముడికి ఇచ్చినాం. పాప కుల సర్టిఫికెట్ అర్జీ ఇంకా తహసీల్దారు ఆఫీసులోనే ఉంది. రశీదు రిజిస్టరు చెల్లి దగ్గరుంది. సోమవారం ఒకరు పోయి కనుక్కోవాల.